ఎస్‌జీటీగా చేరితే స్కూల్ అసిస్టెంట్ ఎప్పుడవుతాం? చేరకముందే చూసుకోవాల్సిన లెక్క

డీఎస్సీకి చదివేవాళ్లు సిలబస్ గురించి, కటాఫ్ గురించి, నార్మలైజేషన్ గురించి గంటలు గంటలు మాట్లాడతారు. చేరాక పదేళ్లకు ఎక్కడుంటాం, ఏ పోస్టులో ఉంటాం అని అడిగితే మాత్రం ‘సీనియారిటీ ప్రకారం ప్రమోషన్ వస్తుంది కదా’ అనేసి ఊరుకుంటారు. ఆ మాట నిజమే. కానీ సీనియారిటీ ఏ లిస్టులో, ఏ సబ్జెక్టులో, ఏ జిల్లాలో అన్నదాన్ని బట్టి ఒకే డీఎస్సీలో ఎంపికైన ఇద్దరిలో ఒకరు పదేళ్లకు స్కూల్ అసిస్టెంట్ అవుతారు, ఇంకొకరు ఇరవై ఏళ్లు దాటినా ఎస్‌జీటీగానే ఉంటారు. ఈ తేడా చాలావరకు ఉద్యోగంలో చేరే రోజుకే ఖరారైపోతుంది.

మొదట నిచ్చెన చూద్దాం. అడుగున సెకండరీ గ్రేడ్ టీచర్, దానిపైన స్కూల్ అసిస్టెంట్, ఆపైన హైస్కూల్ హెడ్‌మాస్టర్. ఎస్‌జీటీ ఒకటి నుంచి ఐదో తరగతి దాకా అన్ని సబ్జెక్టులూ చెబుతారు. స్కూల్ అసిస్టెంట్ మాత్రం మ్యాథ్స్ ఎస్ఏ, ఫిజికల్ సైన్స్ ఎస్ఏ, సోషల్ ఎస్ఏ అంటూ ఒక సబ్జెక్టుకు చెందిన మనిషి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కింద క్యూ ఒకటే అయినా, పైమెట్టు దగ్గర అది సబ్జెక్టులవారీగా చీలిపోతుంది.

స్కూల్ అసిస్టెంట్ ఖాళీల్లో 70 శాతం ప్రమోషన్లతో, 30 శాతం డీఎస్సీతో నేరుగా నింపుతారు. ఒక జిల్లాలో మ్యాథ్స్ ఎస్ఏ ఖాళీలు 20 ఉన్నాయనుకుందాం. అందులో 14 ప్రమోషన్ కోటాకు వస్తాయి. ఎస్సీలకు, ఎస్టీలకు ప్రమోషన్లలోనూ రోస్టర్ ఉంటుంది కాబట్టి ఆ 14లో కొన్ని ఆ పాయింట్లకు పోతాయి. మిగిలినవాటికి జిల్లా ఎస్‌జీటీ సీనియారిటీ లిస్టు తెరిచి పైనుంచి చూసుకుంటూ వస్తారు. లిస్టులో మూడు వేల మంది ఉన్నా, డిగ్రీలో మ్యాథ్స్, బీఎడ్‌లో మ్యాథ్స్ మెథడాలజీ ఉన్నవాళ్లనే లెక్కలోకి తీసుకుంటారు. అందుకే జిల్లా లిస్టులో 1,800వ పేరు అయినా మ్యాథ్స్ అర్హుల్లో 40వ పేరు కావచ్చు. అదే మనిషి బీఏ చేసి సోషల్ మెథడాలజీ తీసుకుని ఉంటే, సోషల్ క్యూలో ముందు మూడు వందల మంది ఉండొచ్చు. టీచర్ల మాటల్లో ‘సోషల్ వాళ్లకు ఇంకా రాలేదు, పీఎస్ వాళ్లకు వచ్చేసింది’ అని తరచూ వినబడేది ఇందుకే. ఏ జిల్లాలో ఏ సబ్జెక్టు వేగంగా కదులుతుందో జిల్లాకో రకంగా ఉంటుంది. పక్క జిల్లా స్నేహితుడి అనుభవాన్ని నమ్ముకుని లాభం లేదు.

యాజమాన్యం అనేది ఇంకో చీలిక. ప్రభుత్వ పాఠశాలల టీచర్ల లిస్టు వేరు, మండల పరిషత్, జిల్లా పరిషత్ పాఠశాలల లిస్టు వేరు. పిల్లలకూ తల్లిదండ్రులకూ రెండూ ‘గవర్నమెంటు బడే’. కానీ ప్రమోషన్ దగ్గరికొచ్చేసరికి ఈ గోడ దాటడానికి వీల్లేదు. పోస్టుల్లో ఎక్కువభాగం పరిషత్ యాజమాన్యంవే. ప్రభుత్వ యాజమాన్యంలో పోస్టులు తక్కువ, క్యూ చిన్నది, కానీ పైన ఖాళీలూ తక్కువే. ఈ రెండు యాజమాన్యాల టీచర్లకు ఉమ్మడి సర్వీస్ రూల్స్ తేవాలన్న వివాదం దశాబ్దాలుగా కోర్టుల చుట్టూ తిరుగుతోంది. ఎంఈఓ, డిప్యూటీ ఈఓ లాంటి పైపోస్టుల ప్రమోషన్లు ఏళ్ల తరబడి చిక్కుకుపోయింది దానివల్లే. కాబట్టి కొత్తగా చేరేవాళ్లు హెడ్‌మాస్టర్ పైన ఉన్న మెట్లను ఇప్పుడే లెక్కేసుకోవడం అనవసరం.

సీనియారిటీ గురించి చాలామందికి ఉన్న అపోహ ఒకటుంది. ముందు జాయినింగ్ రిపోర్టు ఇచ్చినవాడు సీనియర్ అనుకుంటారు. ఒకే డీఎస్సీ బ్యాచ్‌లో అలా కాదు, సెలక్షన్ లిస్టులోని మెరిట్ క్రమమే సీనియారిటీ క్రమం. ఉద్యోగం వచ్చేసింది కదా, 12వ ర్యాంకు అయితే ఏంటి, 212 అయితే ఏంటి అనిపిస్తుంది. పెద్ద బ్యాచ్‌లో ఆ రెండువందల తేడా ప్రమోషన్ దగ్గర ఏళ్లలోకి మారుతుంది.

ఇక కాలం సంగతి. రూల్స్‌లో రాసి ఉన్న కనీస అర్హతలు పూర్తి చేస్తే ప్రమోషన్‌కు పనికొస్తాం అనే అర్థం, వస్తుందని కాదు. వచ్చేది ఎప్పుడంటే పైన ఎవరైనా రిటైర్ కావాలి, ప్రభుత్వం షెడ్యూల్ ఇవ్వాలి, కోర్టు స్టే ఉండకూడదు. తెలంగాణను చూడండి. 2015 తర్వాత టీచర్ల ప్రమోషన్లు మళ్లీ పెద్ద ఎత్తున జరిగింది 2023–24లోనే. మధ్యలో 2021లో రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెరగడంతో మూడేళ్లపాటు వయసు మీద రిటైరయ్యేవాళ్లే లేకుండా పోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి నుంచి 60ని 62 చేసినప్పుడు అక్కడ రెండేళ్లు అదే జరిగింది. పైన కుర్చీలు ఖాళీ కాకపోతే కింద క్యూ కదలదు. ఎన్నికల ముందు రిటైర్మెంట్ వయసు మాట వినబడితే పాత టీచర్లకు సంతోషం, కొత్త టీచర్లకు టెన్షన్. అది వ్యక్తిగత ద్వేషం కాదు, లెక్క.

ఇప్పుడు పరీక్షలు. కొన్ని కేంద్ర శాఖల్లో డిపార్ట్‌మెంటల్ పోటీ పరీక్ష రాసి, మార్కులతో సీనియర్లను దాటి పైకి పోవచ్చు. టీచర్ల విషయంలో అలాంటి దారి లేదు. ఇక్కడి పరీక్షలు అర్హత పరీక్షలు. పాసైతే క్యూలో మన స్థానం మనకు ఉంటుంది, పాస్ కాకపోతే మన వంతు వచ్చినా పక్కనపెట్టి తర్వాతివాళ్లను పిలుస్తారు. నూటికి తొంభై వచ్చినా, బొటాబొటిగా పాసైనా క్యూలో తేడా ఉండదు. సీనియర్లను దాటాలంటే ఉన్న దారి ఒక్కటే. సర్వీసులో ఉండగానే అనుమతి తీసుకుని మళ్లీ డీఎస్సీ రాసి, ఆ 30 శాతం కోటాలో నేరుగా స్కూల్ అసిస్టెంట్ కావడం.

ఎస్‌జీటీ నుంచి ఎస్ఏకు వెళ్లడానికి ఈ తరం వాళ్లకు ఒక ప్రత్యేకమైన అడ్డంకి ఉంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు బీఎడ్ వాళ్లు ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టులకు అర్హులు కారని తేల్చింది. అంటే ఇప్పుడు ఎస్‌జీటీగా చేరేది డీఎడ్, డీఈఎల్‌ఈడీ చేసినవాళ్లు. వాళ్లలో చాలామంది ఇంటర్ కాగానే డీఈఎల్‌ఈడీలో చేరి, డిగ్రీ దూరవిద్యలో చేసినవాళ్లు, లేదా ఇంకా చేయనివాళ్లు. ప్రమోషన్‌కు మాత్రం డిగ్రీ, బీఎడ్ రెండూ కావాలి. కింద పోస్టుకు పనికిరాని బీఎడ్ పై పోస్టుకు తప్పనిసరి అన్నమాట.

రెగ్యులర్ బీఎడ్ రెండేళ్ల కోర్సు. ఉద్యోగం చేస్తూ దాన్ని చేయాలంటే సెలవు, అనుమతి, జీతం నష్టం అన్నీ ఉంటాయి. అందుకని ఎక్కువమంది సర్వీసులో ఉన్న టీచర్ల కోసం సార్వత్రిక విశ్వవిద్యాలయాలు నడిపే దూరవిద్య బీఎడ్ వైపు వెళతారు. దానికీ ఎంట్రన్స్ ఉంటుంది, సీట్లు పరిమితం. చేరేముందే చూసుకోవాల్సింది మెథడాలజీ. డిగ్రీలో చదివిన సబ్జెక్టుకు, బీఎడ్ మెథడాలజీకి పొంతన ఉండాలి. డిగ్రీలో మ్యాథ్స్ ఉండి బీఎడ్‌లో సీటు దొరికిందని సోషల్ మెథడాలజీ తీసుకుంటే, సర్టిఫికెట్లు రెండున్నా ఆ జత ఏ క్యూలోనూ పనిచేయదు. సీనియారిటీ లిస్టు వెలువడ్డాక అభ్యంతరాల దశలో బయటపడే గొడవల్లో ఇదొకటి. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

తర్వాత టెట్. ఎస్‌జీటీకి పేపర్-1 చాలు, ఎస్ఏ స్థాయికి కావాల్సింది పేపర్-2. అందులోనూ మ్యాథ్స్–సైన్స్ వేరు, సోషల్ వేరు. ప్రమోషన్‌కు టెట్ కావాలా వద్దా అని ఏళ్లపాటు వాదనలు నడిచాయి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ వాదనకు ముగింపు పలికింది. రిటైర్మెంట్‌కు ఐదేళ్లకు మించి గడువున్న పాత టీచర్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలంది. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు టెట్ లేకుండా ఉద్యోగంలో కొనసాగవచ్చు కానీ ప్రమోషన్ మాత్రం ఉండదంది. కొత్తగా చేరేవాళ్లకు దీన్నుంచి తేలేది సూటిగానే ఉంది. పేపర్-2 ఇప్పుడే, పుస్తకాలు ఇంకా బల్ల మీద ఉన్నప్పుడే పాసైపోవాలి. టెట్ చెల్లుబాటు జీవితకాలం కాబట్టి ముందు రాస్తే నష్టమేమీ లేదు. పాస్ మార్కులు 150కి ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60.

స్కూల్ అసిస్టెంట్ అయ్యాక హెడ్‌మాస్టర్ దాకా వెళ్లడానికి డిపార్ట్‌మెంటల్ టెస్టులు కావాలి. స్టాఫ్ రూముల్లో వీటిని ‘జీఓ, ఈఓ’ అంటారు. విద్యాశాఖ గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు రెండు పేపర్లు, కోడ్ 88, 97. ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ల అకౌంట్స్ టెస్టు కోడ్ 141. ఆంధ్రలో ఏపీపీఎస్సీ, తెలంగాణలో టీజీపీఎస్సీ నిర్వహిస్తాయి. ఒకసారి పోతే మళ్లీ రాయొచ్చు, కాబట్టి ఇవి భయపడాల్సిన పరీక్షలు కావు. జరిగే నష్టమల్లా వాయిదా వేయడం వల్లే. కొందరు ‘మన వంతు ఇంకా దూరం కదా’ అనుకుంటూ ఉంటారు, హఠాత్తుగా షెడ్యూల్ వస్తుంది, అర్హత తేదీకి పాసై ఉండరు, తమకంటే జూనియర్ హెడ్‌మాస్టర్ అయి అదే స్కూలుకు వస్తాడు.

ప్రమోషన్ రాకపోతే జీతం అక్కడే ఆగిపోతుందా అంటే, ఆగదు. రెండు రాష్ట్రాల్లోనూ ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ ఉంది. ఒకే పోస్టులో 6 ఏళ్లు నిండితే స్పెషల్ గ్రేడ్, 12 ఏళ్లకు పైపోస్టు స్కేలు, 18కి, 24కి మరో రెండు అంచెలు. దీని గురించి అందరికీ తెలుసు, కానీ ఇందులోని రెండు మెలికలు తెలిసినవాళ్లు తక్కువ. మొదటిది, 6 ఏళ్ల స్కేలు సర్వీసు నిండితే వస్తుంది. 12 ఏళ్లది రావాలంటే పైపోస్టుకు కావాల్సిన అర్హతలు కూడా ఉండాలి. అంటే బీఎడ్ లేని ఎస్‌జీటీకి ప్రమోషనే కాదు, ఈ పన్నెండేళ్ల స్కేలూ ఆగుతుంది. ఎస్ఏలకు అలాగే జీఓ, ఈఓ టెస్టులు అడుగుతారు. రెండోది, 12 ఏళ్ల స్కేలు తీసుకున్నాక వచ్చే ప్రమోషన్‌కు, మామూలు ప్రమోషన్‌లో దొరికే జీతం పెరుగుదల దొరకదు, ఎందుకంటే ఆ స్కేలులో అప్పటికే ఉన్నారు. జీతం వరకే చూస్తే ప్రమోషన్ విలువ మొదటి పన్నెండేళ్లలో ఎక్కువ, ఆ తర్వాత బాగా తక్కువ. పదమూడో ఏట స్కూల్ అసిస్టెంట్ అయిన మనిషికి చేతికొచ్చేది ప్రధానంగా హోదా, హైస్కూలు, హెడ్‌మాస్టర్ క్యూలో చోటు.

ఒక ఉదాహరణతో చూద్దాం. ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో 2025లో ఎంపికై ఎస్‌జీటీగా చేరిన ఒక అమ్మాయి అనుకోండి. 24 ఏళ్లు, డీఈఎల్‌ఈడీ, దూరవిద్యలో మ్యాథ్స్ ఉన్న బీఎస్సీ, టెట్ పేపర్-1 మాత్రమే. జీతం స్కేలు 32,670తో మొదలు. పైనున్న ఎస్ఏ స్కేలు 44,570తో మొదలవుతుంది. ఏమీ చేయకుండా ఉంటే 2031లో స్పెషల్ గ్రేడ్ వస్తుంది, 2037లో రావాల్సిన స్కేలు బీఎడ్ లేక ఆగుతుంది. ఈ మధ్యలో మ్యాథ్స్ క్యూ తన దాకా వచ్చి దాటిపోయినా ఆమెకు తెలియదు, ఎందుకంటే అర్హుల లిస్టులో పేరే ఉండదు. అదే ఆమె ప్రొబేషన్ పూర్తికాగానే బీఎడ్ ఎంట్రన్స్ రాసి, మ్యాథ్స్ మెథడాలజీతో 2030 కల్లా పూర్తిచేసి, పేపర్-2 కూడా పాసై ఉంటే, ఆ ఏడాది నుంచి వచ్చే ప్రతి ప్యానెల్‌లో ఆమె పేరు ఉంటుంది. ఎప్పుడు వస్తుందన్నది జిల్లా మీద ఆధారపడుతుంది. కానీ 2037లో ఏ ప్రమోషన్ లేకపోయినా పైస్కేలు మాత్రం ఖాయం. రెండు దారుల మధ్య తేడా అంతా చేరిన మొదటి ఐదేళ్లలో తీసుకున్న ఒకటి రెండు నిర్ణయాలదే.

బదిలీలకు వస్తే, అక్కడ సీనియారిటీకి కాదు, పాయింట్లకు విలువ. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో దీనికి చట్టమే చేశారు. టీచరు ఒకే బడిలో ఎనిమిది విద్యా సంవత్సరాలు, హెడ్‌మాస్టర్ అయిదు దాటి ఉండకూడదు. ఊళ్లను నాలుగు కేటగిరీలు చేసి, పట్టణానికి దగ్గరగా ఉన్నదానికి ఏడాదికి ఒక పాయింటు, తర్వాతివాటికి రెండు, మూడు, కొండ ప్రాంతాల్లాంటి కష్టమైన చోట్లకు అయిదు ఇస్తారు. సర్వీసుకు ఏడాదికి అర పాయింటు. భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగులైతే స్పౌజ్ పాయింట్లు అదనం. కేటగిరీ-3 ఊళ్లో ఎనిమిదేళ్లు చేసినవాళ్లకు 24, సర్వీసువి 4, మొత్తం 28. టౌను పక్కన ఎనిమిదేళ్లు చేసినవాళ్లకు 12. వచ్చే విడతలో వెబ్ ఆప్షన్ల దగ్గర ఎవరు ముందు కోరుకుంటారో చెప్పనక్కర్లేదు. మొదటి పోస్టింగ్ ఎక్కడో మారుమూల పడిందని ఏడ్చేవాళ్లకు ఈ లెక్క కొంత ఊరట.

బదిలీ, ప్రమోషన్ రెండూ ఒకే షెడ్యూల్‌లో వచ్చినప్పుడు వరుస గమనించాలి. ముందు హెడ్‌మాస్టర్ల బదిలీలు, తర్వాత ఎస్ఏలకు హెచ్ఎం ప్రమోషన్లు, తర్వాత ఎస్ఏల బదిలీలు, ఆ తర్వాత ఎస్‌జీటీలకు ఎస్ఏ ప్రమోషన్లు, చివర ఎస్‌జీటీల బదిలీలు. అంటే కొత్తగా ప్రమోషన్ వచ్చిన ఎస్ఏకు దొరికేది పాత ఎస్ఏలందరూ కోరుకోగా మిగిలిన బడి. పిల్లల చదువు, ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం చూసుకుని చాలామంది ఆ కౌన్సెలింగ్ టేబుల్ దగ్గరే ‘నాట్ విల్లింగ్’ రాసిచ్చేస్తారు. రాసిచ్చేముందు తెలుసుకోవాల్సింది, ప్రమోషన్ వదులుకున్నవాళ్లకు పైన చెప్పిన పన్నెండేళ్ల స్కేలు లాంటివీ ఆగుతాయి. దూరం తప్పించుకోవడానికి పెట్టిన సంతకం జీతంలోకి వచ్చి కూర్చుంటుంది.

జిల్లా దాటడం ఇంకా కష్టం. ఎస్‌జీటీది జిల్లా కేడర్. కోరుకుని వేరే జిల్లాకు వెళితే అక్కడి లిస్టులో అడుగుకు చేరాలి. అందుకే ‘ఎక్కడైతేనేం, ఉద్యోగం వస్తే చాలు, తర్వాత సొంత జిల్లాకు మార్చుకుందాం’ అని నాన్ లోకల్‌గా వేరే జిల్లాకు అప్లై చేసేవాళ్లు రెండుసార్లు ఆలోచించాలి. మార్చుకునే అవకాశం ప్రభుత్వం గేటు తీసినప్పుడే, తీసినా సీనియారిటీ పోయాకే. తెలంగాణలో 2021 డిసెంబర్ నాటి జీవో 317 దీన్ని కోరుకోనివాళ్లకూ రుచి చూపించింది. పాత పది జిల్లాల టీచర్లను 33 జిల్లాలకు సర్దినప్పుడు సీనియర్లు కోరుకున్న జిల్లా తీసుకున్నారు, జూనియర్లు ఎక్కడ మిగిలితే అక్కడికి వెళ్లారు.

ఇదంతా చేరకముందే ఎలా తెలుసుకోవాలి? ప్రమోషన్ల సీజన్‌లో జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయాలు సీనియారిటీ లిస్టులు వెబ్‌సైట్లో పెడతాయి. యూనియన్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఆ పీడీఎఫ్‌లు తిరుగుతుంటాయి. వాటిలో పేరు పక్కన డీఎస్సీ సంవత్సరం, ర్యాంకు, పుట్టినతేదీ, మెథడాలజీ ఉంటాయి. మీ జిల్లా, మీ యాజమాన్యం, మీ సబ్జెక్టు లిస్టు తీసి, కిందటి విడతలో ప్రమోషన్ వచ్చిన చివరి మనిషి ఏ డీఎస్సీ బ్యాచో చూడండి. 2008 బ్యాచ్ దగ్గర ఆగిందంటే అసలు నిరీక్షణ ఎంతో అక్కడే తెలుస్తుంది. తర్వాత పైనున్న ఎస్ఏల లిస్టు తీసి, రాబోయే పదేళ్లలో ఆంధ్రలో 62, తెలంగాణలో 61 నిండేవాళ్లు ఎంతమందో పుట్టినతేదీలను బట్టి లెక్కపెట్టండి. వాళ్లలో 70 శాతం కుర్చీలు మీ క్యూవి. ఆ సంఖ్యను మీ ముందున్న అర్హుల సంఖ్య పక్కన పెట్టి చూస్తే, కోచింగ్ సెంటర్ చెప్పే ‘పదేళ్లలో ఎస్ఏ’ అన్న మాట మీ జిల్లాలో నిలుస్తుందో లేదో ఒక సాయంత్రంలో తేలిపోతుంది. ఎస్‌జీటీ, ఎస్ఏ రెండింటిలోనూ ఎంపికైన అదృష్టవంతులు ఏది తీసుకోవాలో తేల్చుకోవడానికీ ఈ లిస్టులే ఆధారం. ఇల్లు దగ్గరని ఎస్‌జీటీ తీసుకునేవాళ్లు, ఆ దగ్గరికి ఎన్నేళ్ల క్యూ ఖరీదు పెడుతున్నారో ఆ పీడీఎఫ్‌లో చూసుకుని సంతకం పెట్టడం మేలు.